దూడకు పాలు బంద్ పెట్టి, చక్కెర నీళ్లు పోసి చంపకండి

ఈసారి కూడా పెద్ద పోస్టే. చాయ్ పెట్టుకుని కూర్చోండి. మేము చదివింది అరక్కోణంలో అరవ బడిలో, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవే. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. విషయం తప్పితే మాత్రం మన్నించకండి, కింద రాయండి.

పది రోజులుగా మన గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. దూడకు పారుడు పట్టుకుంటే రెండు రోజులు పాలు ఆపాలట, చిన్నపిల్లలకు ఇచ్చినట్టు చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు ఇవ్వాలట, మెడికల్‌లో దొరికే విరేచనాల గోలీ సగం చేసి వెయ్యాలట. ముప్పై మంది దానికి దండం బొమ్మ పెట్టారు. అందులో మాకు బంధువులు ఉన్నారు, పెద్దవాళ్లూ ఉన్నారు. అయినా చెప్పక తప్పదు. ఆ మెసేజ్‌లోని మూడు మాటలూ తప్పే. ఒక్కొక్కటి దూడను సగం చంపుతుంది, మూడూ కలిస్తే పూర్తిగా చంపుతుంది.

మాకెందుకు ఇంత కోపం అంటారేమో. మన గల్లీల్లో బర్రెను పెట్టుకున్న ఇళ్లు ఎన్నో లేవు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది బీడీలు చుట్టిన డబ్బులో కొంత, అప్పు కొంత కలిపి పంఢర్‌పురీ బర్రెను తెచ్చుకున్నవాళ్లు. దూడ చస్తే పోయేది దూడ ఒక్కటే కాదు. దూడ మూతి తగలకపోతే చాలా బర్రెలు చేపవు. చేపకపోతే పాలు లేవు, పాలు లేకపోతే అప్పు కిస్తీ లేదు. పెయ్యదూడ అయితే పరుగెత్తుకుంటూ వస్తారు, దున్నదూడ అయితే "పోతే పోనీ" అంటారు. ఆ మాట అన్న ఇంట్లోనే వారం తర్వాత బర్రె తన్నుతోందని, పాలు ఎగబట్టిందని ఏడవడం మేము చూశాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మేము రైల్వేలో పార్సిల్ ఆఫీసులో ఉన్న రోజుల్లో ఇంట్లో ఒక ఆవు ఉండేది. దాని దూడకు ఆరో రోజున పారుడు పట్టుకుంది. ఇప్పుడు తిరుగుతున్న మెసేజ్ అప్పుడు ఫోన్‌లో లేదు, నోటి మాటగా ఉండేది. మేము పాలు ఆపాం. బెల్లం నీళ్లు పోశాం. మూడో రోజుకు అది చప్పరించడం మానేసింది. తలపైకెత్తి వెదురు గొట్టంతో గొంతులోకి పోశాం. దగ్గింది, ముక్కులోంచి నీళ్లొచ్చాయి, తెల్లారేసరికి ఊపిరి బరువుగా తీస్తూ పోయింది. పారుడుతో పోయిందని అందరికీ చెప్పుకున్నాం. అది పారుడుతో పోలేదు. ఆకలితో సగం, మేము ఊపిరితిత్తుల్లోకి పోసిన నీళ్లతో సగం పోయింది. ఇది అర్థం కావడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది, ఒక పశువుల డాక్టరు గారు ఓపికగా కూర్చుని చెప్పాల్సి వచ్చింది.

ఆయన చెప్పిన మొదటి మాట ఇది. పారుడు ఎందుకు వచ్చిందన్నది ఒక సంగతి, దూడ ఎందుకు చస్తుందన్నది ఇంకో సంగతి. రావడానికి కారణాలు చాలా. పుట్టిన మొదటి నాలుగైదు రోజుల్లో అయితే ఎక్కువగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా. ఆ తర్వాత రెండు మూడు వారాల వరకు రోటా వైరస్, కరోనా వైరస్ (మనుషులకు వచ్చిన ఆ కరోనా కాదు, పశువులది వేరే), క్రిప్టోస్పోరిడియం అనే కంటికి కనపడని జీవి. బర్రె దూడల్లో రెండు వారాలు దాటాక తల్లి పాలలోంచి వచ్చిన ఏలికపాములు. కారణం ఏదైనా చాలాసార్లు దూడ చచ్చేది ఒకే దారిలో. ఒంట్లో నీరు పోతుంది, నీటితో ఉప్పు పోతుంది, క్షారం పోతుంది. క్షారం పోతే రక్తం పులుస్తుంది. రక్తం పులిస్తే దూడ తాగినవాడిలా తూలుతుంది, చప్పరించడం మానేస్తుంది, పడిపోతుంది. అంటే మనం చూడాల్సింది పేడ రంగును కాదు, దూడను. పోయిన నీటిని, ఉప్పును, క్షారాన్ని పోయినంత వేగంగా తిరిగి లోపలికి పంపితే చాలా దూడలు వాటంతట అవే లేచి నిలబడతాయి.

ఇక చక్కెర సంగతి. ఉప్పుతో పాటు గ్లూకోజ్ ఉంటే పేగు ఆ రెండింటినీ కలిపి లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. పేగు జబ్బు పడి ఉన్నా ఈ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు వచ్చినప్పుడు బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ దగ్గర కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనాబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపి నోటితో తాగించారు, వేల మంది బతికారు. మనుషులకు పనికొచ్చిన ఆ సూత్రమే దూడకూ పనికొస్తుంది. తేడా ఒక్కచోటే ఉంది, ఆ ఒక్కచోటే మన మెసేజ్ బోల్తా పడింది.

మనం ఇంట్లో వాడే చక్కెర గ్లూకోజ్ కాదు. దాన్ని పేగు ముందు రెండు ముక్కలు చెయ్యాలి. ఒక ముక్క గ్లూకోజ్, ఇంకొకటి ఫ్రక్టోజ్. మన పిల్లల పేగులో ఆ ముక్కలు చేసే పదార్థం ఉంది కాబట్టి చక్కెర ఉప్పు నీళ్లు పిల్లలకు పనిచేస్తాయి. దూడ పేగులో అది లేదు. పాలలోని చక్కెరను అరిగించుకోవడానికి పుట్టిన పేగు అది, చెరకు చక్కెర కోసం కాదు. దూడకు చక్కెర నీళ్లు పోస్తే ఆ చక్కెర అరగకుండా కిందికి జారుతుంది, పోతూ పోతూ ఇంకా నీటిని తనవైపు లాక్కుని పోతుంది. పారుడు పెరుగుతుంది. బెల్లం సంగతీ అంతే. దుకాణంలో డబ్బాల్లో దొరికే పండ్ల వాసన వేసిన తియ్యని పానీయాలూ అంతే, వాటిమీద ఏం రాసి ఉన్నా సరే. గంజి కూడా దీనికి బదులు కాదు, పిండిపదార్థం అరిగించుకునే శక్తి ఆ వయసు దూడకు చాలా తక్కువ. షోలాపూర్‌లో చెరకు మిల్లులు ఉన్నాయని దూడకు చక్కెర పెట్టాలని ఏం లేదు కదా.

మరి ఏం పోయాలి? అన్నిటికన్నా మంచిది పశువుల మందుల దుకాణంలో దూడల కోసమే చేసిన ఓఆర్‌ఎస్ పొడి. అందులో క్షారం సరిపడా ఉంటుంది. అది దొరికేదాకా మనుషుల ఓఆర్‌ఎస్ పొట్లం వాడొచ్చు. ఒక లీటరుకు అని రాసి ఉన్న పొట్లం కొనండి, చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్లవి కూడా ఉంటాయి, చూసుకోండి. వెనక చదవండి. ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 అని ఉంటే అది అసలైనది. దూడకు ఇందులో క్షారం కొంచెం తక్కువ. అందుకే లీటరు నీళ్లలో ఒక పొట్లం కలిపాక, అర చెంచా తినే సోడా, రెండు చెంచాల గ్లూకోజ్ పొడి వేస్తాం. చెంచా అంటే చాయ్ చెంచా, వేలితో పైన చదును చేసినది. తినే సోడా అంటే ఇడ్లీలో వేసేది, బట్టలు ఉతికేది కాదు. కాచి చల్లార్చిన నీళ్లు, గోరువెచ్చగా, చెయ్యి పెడితే ఒంటి వేడికన్నా కొంచెం ఎక్కువ అనిపించాలి. పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో చిక్కగా కలిపి "బలంగా ఉంటుంది" అనుకుని పోయకండి. ఉప్పు ఎక్కువైతే మెదడుకు దెబ్బ తగిలి వంకర్లు తిరుగుతాయి.

ఇప్పుడు అసలైన గొడవ, కొలత. పార్సిల్ ఆఫీసులో తూచకుండా చీటీ రాసినవాణ్ని మేము చూడలేదు. దూడ దగ్గర మాత్రం అందరూ కళ్లతోనే తూస్తారు. పోయిన నెల మా గల్లీ చివరి ఇంటి చెల్లెలు సాయంత్రం ఏడుపు మొహంతో వచ్చింది.

"మామా, దూడ నీళ్లలెక్క పోతోంది. నిన్నటి నుంచి పాలు బంద్ పెట్టిన. ఓఆర్‌ఎస్ కూడా ఇచ్చిన, అయినా ఆగుతలేదు."

"ఎంత ఇచ్చావమ్మా?"

"పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు. చక్కెర కూడా కలిపిన."

తొమ్మిది రోజుల బర్రె దూడ. పక్క ఇంట్లో నూలు తూచే కాటా ఉంటే దాని మీద మనిషితో సహా ఎక్కించి, మనిషి బరువు తీసేశాం. 25 కిలోలు. దాని కింది రెప్పను కొంచెం వెనక్కి లాగి చూస్తే గుడ్డుకూ రెప్పకూ మధ్య సందు కనిపిస్తోంది. సుమారు రెండు అగ్గిపుల్లల మందం అని దూరం నుంచే అంచనా వేశాం, కంట్లో ఏదీ పెట్టకండి. అగ్గిపుల్ల దాదాపు 2 మిల్లీమీటర్లు. రెండు పుల్లల సందు అంటే ఒంటి బరువులో నూటికి ఏడెనిమిది పాళ్లు నీరు పోయినట్టు. 25 కిలోలకు లెక్క కట్టండి. రెండు లీటర్లు! మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మామూలు దూడకు రెండు సెకన్ల లోపే చదునవుతుంది, దీనికి నాలుగు పట్టింది. పోయింది రెండు లీటర్లు, ఆమె పోసింది రెండు గ్లాసులు, అది కూడా చక్కెరతో. ఓఆర్‌ఎస్ పనిచెయ్యలేదని అనడం న్యాయమా?

పొయ్యడానికి ముందు ఇంకో నాలుగు సంగతులు చూశాం, ఎందుకంటే నోటితో పొయ్యవచ్చా లేదా అన్నది అక్కడే తేలుతుంది. కడిగిన వేలు నోట్లో పెట్టాం. చప్పరించింది, నెమ్మదిగానే, కాని లయ తప్పకుండా. నోటి లోపల వెచ్చగా ఉంది. లేపితే నాలుగు కాళ్ల మీద నిలబడింది. పేడ దారిలో థర్మామీటర్ పెడితే 101.5 ఫారన్‌హీట్. దూడకు 101 నుంచి 103 దాకా మామూలే. పేడలో రక్తం లేదు. ఇవన్నీ బాగున్నాయి కాబట్టి ఇంట్లోనే మొదలుపెట్టి, తెల్లారి డాక్టరుకు చూపించవచ్చని తేల్చుకున్నాం.

రాత్రి ఏడింటికి లీటరుంపావు ద్రావణం, చన్ను ఉన్న సీసాతో, దూడ తల దాని సహజమైన ఎత్తులోనే ఉంచి. ఇరవై నిమిషాలు పట్టింది. తొమ్మిదిన్నరకు తల్లి దగ్గర పిండిన పాలు 600 మిల్లీలీటర్లు, నీళ్లు కలపకుండా. అర్ధరాత్రి మళ్లీ లీటరుంపావు. మూడింటికి పాలు. ఉదయం ఏడింటికి మళ్లీ ద్రావణం. ఆ తర్వాత పగలు రెండుసార్లు పాలు. మొత్తం 24 గంటల్లో ద్రావణం మూడు లీటర్లా ముప్పావు, పాలు రెండున్నర లీటర్లు, అంటే బరువులో పదో వంతు. రెండూ కలిపితే దూడ బరువులో నాలుగో వంతు. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది, మాకూ మొదటిసారి అనిపించింది. పోయింది, పోతున్నది, రోజూ కావలసింది మూడూ కలిపితే లెక్క అంతే అవుతుంది.

పాలను, ద్రావణాన్ని రెండు గంటలకు తక్కువ కాకుండా ఎడం పెట్టామని గమనించే ఉంటారు. పాలు దూడ కడుపులో విరిగి గడ్డకట్టాలి, అప్పుడే నెమ్మదిగా అరుగుతాయి. సోడా, సిట్రేట్ పాలతో కలిస్తే ఆ గడ్డ సరిగ్గా కట్టదు. అందుకని పాలల్లో ఓఆర్‌ఎస్ కలపకండి, పాలల్లో నీళ్లూ కలపకండి. తల్లి దగ్గర తాగే దూడ అయితే రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంసేపు వదలండి, మధ్యలో ద్రావణం పట్టండి.

పాలు ఆపితే పేడ తగ్గుతుంది, నిజమే. లోపలికి ఏమీ వెళ్లకపోతే బయటికి ఏం వస్తుంది? ఓఆర్‌ఎస్‌లో ఉప్పు, నీరు ఉన్నాయి, తిండి లేదు. ఒక లీటరులో ఉన్న గ్లూకోజ్‌తో దూడ రోజంతా ఒళ్లు వెచ్చగా పెట్టుకోలేదు. పుట్టిన దూడ ఒంట్లో కొవ్వు చారెడు. రెండు రోజులు పాలు లేకపోతే ఆ చారెడూ కరిగిపోతుంది, జబ్బు పడిన పేగు తనను తాను బాగుచేసుకోవడానికి కూలి ఉండదు. మగ్గం ఆగిందని పనివాడికి అన్నం ఆపినట్టు.

మరుసటి ఉదయం ఆ చెల్లెలు మళ్లీ వచ్చింది. "మామా, పారుడు ఇంకా ఎక్కువైంది." అవును, ఎక్కువే అవుతుంది. ఎక్కువ నీళ్లు వెళ్లాయి, కొంత బయటికీ వస్తుంది. ఓఆర్‌ఎస్ పారుడును ఆపే మందు కాదు, దూడను ఎండిపోకుండా కాపాడేది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, ఇక్కడే దూడలు చస్తాయి. మేము ఆమెను పేడ చూడొద్దని, కన్ను చూడమని అన్నాం. సందు ఒక పుల్లకు తగ్గింది. తెల్లవారుజామున ఉచ్చ పోసిందని కూడా ఆమే చెప్పింది. ఉచ్చ పోసిందంటే మూత్రపిండాలకు నీరు అందిందని అర్థం. పది గంటలకు పశువుల దవాఖాన డాక్టరు గారు చూసి, సూది వెయ్యలేదు. జ్వరం లేదు, రక్తం లేదు, హుషారుగా ఉంది, ఇదే కొనసాగించండి అన్నారు. ఏలికపాముల మందు ఎప్పుడు వెయ్యాలో చీటీ రాసిచ్చారు. రెండో సాయంత్రానికి కంటి సందు పోయింది. నాలుగో రోజు పేడ జావలా వచ్చింది. ఆ తర్వాత రోజు ఆమె మా ఇంటికి పాలు తెచ్చింది.

సూది వెయ్యని డాక్టరు మీద మనవాళ్లకు నమ్మకం ఉండదు, అదొక జబ్బు. రోటా, కరోనా వైరస్‌ల మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు, ఆ క్రిప్టో మీద కూడా మామూలువి పనిచెయ్యవు. జ్వరం, రక్తం, మందకొడితనం ఉంటే డాక్టరు వేస్తారు, అప్పుడు వెయ్యాల్సిందే. ఇక మెడికల్‌లో దొరికే ఆ గోలీ సంగతి. అది పేగు కదలికను ఆపుతుంది. కదలిక ఆగితే పేడ కనపడదు, కాని పేగు లోపల నీరు, విషం నిలిచి ఉంటాయి. మనకు బయట తడి కనపడదు, దూడ లోపల ఎండిపోతూనే ఉంటుంది. దండం బొమ్మ పెట్టిన ముప్పై మందిలో ఒక్కరైనా డాక్టరును అడిగారా?

ఇక ఎప్పుడు ఇంటి వైద్యం ఆపాలి అన్నది. ఈ పోస్టులో మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకండి. వేలు పెడితే చప్పరించకపోయినా, చప్పరించకుండా ఊరికే నమిలినా ఆగండి. నోటి లోపల, చెవులు, కాళ్లు చల్లగా ఉంటే ఆగండి. లేపినా నిలబడలేక పక్కకు పడిపోతే, తల వెనక్కి పొట్టవైపు తిప్పి పడుకుని కదలకపోతే ఆగండి. కంటి సందు మూడు పుల్లలు దాటినా, చర్మం చిటికె ఆరు సెకన్లకు మించి నిలిచినా అంతే. ఉష్ణోగ్రత 100 కిందికి పోయినా, 104 దగ్గరికి వెళ్లినా, పేడలో రక్తం వచ్చినా, పొట్ట ఉబ్బినా, బొడ్డు వాచి వేడిగా ఉన్నా అదే మాట. ఈ దూడలకు నోటితో పొయ్యడం పనిచెయ్యదు, పోసింది పేగులో పీల్చుకోదు, మా దూడకు అయినట్టు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాటికి నరంలోకి సెలైన్, క్షారం ఎక్కించాలి, అది డాక్టరు చెయ్యాల్సిన పని. 1962కు ఫోన్ చెయ్యండి, పశువుల సంచార వైద్య వాహనం కోసం. చేరేదాకా గోనె సంచీ కప్పి, ఎండలో కాకుండా పొడి చోట పెట్టి, ఛాతీ మీద కూర్చోబెట్టి ఆనించండి. గొట్టంతో ఏమీ పొయ్యకండి.

ఒక మోసం ఉంది, చెప్పాలి. వారం దాటిన దూడల్లో కొన్నిటికి కన్ను పెద్దగా లోతుకు పోదు, చర్మం కూడా బాగానే ఉంటుంది, కాని రక్తం బాగా పులిసి ఉంటుంది. అవి తూలుతాయి, చప్పరించవు. అందుకే కన్ను ఒక్కటే చూసి ధీమా పడకండి. చప్పరింత, నిలబడటం ఈ రెండింటిదే చివరి మాట. నాలుగైదు రోజుల లోపు దూడ అయితే ఇంకా తొందర, ఉదయం బాగున్నది సాయంత్రానికి పోవచ్చు. ఓఆర్‌ఎస్ మొదలుపెట్టిన 24 గంటలకు చప్పరింత మెరుగుపడకపోయినా డాక్టరే.

"మా నాయనమ్మ వాము, దానిమ్మ తొక్క పెట్టి ఎన్ని దూడలను పెంచలేదు" అని ఒక పెద్దాయన రాశారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కాని ఆ నాయనమ్మ ఎన్ని దూడలను పాతిపెట్టిందో ఎవరూ లెక్క రాయలేదు కదా. దానిమ్మ తొక్క కషాయం పెట్టుకోండి, మేము వద్దనం. పోయిన రెండు లీటర్ల నీరు దానిమ్మ తొక్కలోంచి రాదు.

ఇంకో గొడవ కూడా ఇక్కడే తెగ్గొడతాం. మొదటి పాలు. తెలుగులో మనం జున్నుపాలు అంటాం, అరవంలో శీంపాల్, ఇక్కడివాళ్లు చీక్ అంటారు, దాంతో ఖర్వస్ చేస్తారు. మూడు భాషల్లోనూ పేరు ఉంది, మూడు భాషల్లోనూ దూడ నోటిదాకా వెళ్లకముందే పక్కింటికి పంచుతారు. దూడ రోగనిరోధక శక్తి లేకుండా పుడుతుంది, అది మొత్తం ఆ పాలలోంచే రావాలి, ఆ దారి కూడా ఒక్కరోజులో మూసుకుపోతుంది. పుట్టిన రెండు గంటల్లో మొదటిసారి, ఆరు గంటల్లో బరువులో పదో వంతు తాగాలి. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. జున్ను రెండో రోజు, మూడో రోజు పాలతో చేసుకోండి, రుచి కాస్త తగ్గితే తగ్గనీ.

మన ఇళ్లలో దూడ కట్టేసిన చోటే పిల్లలు ఆడతారు, అదే అరుగు మీద ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఆ క్రిప్టో మనుషులకూ అంటుతుంది, చిన్నపిల్లలకు మరీ. పారుడు పట్టిన దూడను వేరే మూలన కట్టండి, ఒకరే చూసుకోండి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. సీసా, చన్ను వేణ్నీళ్లతో కడగండి.

బర్రె ఉన్నవాళ్లు అటక మీద ఒక డబ్బాలో ఇవి పెట్టుకోండి. లీటరు ఓఆర్‌ఎస్ పొట్లాలు పన్నెండు, గ్లూకోజ్ డబ్బా ఒకటి, తినే సోడా, దూడ చన్ను ఉన్న సీసా, థర్మామీటర్. పన్నెండు ఎందుకంటే మూడు రోజులకు రోజుకు నాలుగు. ఆ మెసేజ్ పెట్టినవారికి మా విన్నపం, దాన్ని తొలగించండి. తొలగించకపోతే దాని కింద ఈ పోస్టు పెట్టండి. మా నంబరు గ్రూపులో ఉంది, రాత్రి పన్నెండింటికైనా దూడ కోసం ఫోన్ చెయ్యవచ్చు. వేలు నోట్లో పెట్టి చూసి చెయ్యండి, మేము అడిగే మొదటి ప్రశ్న అదే.